ఎనిమిది పాదాలెందుకురా, రెండు చాలు

విజయనగరం,
ఆదివారం సాయంత్రం.

ఒరే బావా,

నీ అసైన్‌మెంటు కాగితాలు అందాయి. శ్రీకాకుళంలో పగలంతా బ్యాంకు కౌంటర్లో కూర్చుని, రాత్రి ఇంటికొచ్చి ఎమ్మే తెలుగు రాయడం అంటే మాటలు కాదు. అది అలా ఉంచు, నువ్వడిగింది మెచ్చుకోలు కాదు కదా. "మార్కులు ఎక్కడ తెగ్గోస్తున్నారో చూసి చెప్పు" అన్నావు. చూశాను. రెండో పేజీలో గురజాడ 'దేశభక్తి' గేయం మీద రాసిన పేరా దగ్గరే తెలిసిపోయింది. మిగతావాటిలోనూ ఇదే తంతు కాబట్టి ఈ ఒక్కటీ చూసుకుందాం.

నీ పేరా ఇది: "గురజాడ గొప్ప దేశభక్తుడు. ఆయన ఇలా అన్నారు". ఆ వెంటనే రెండు చుక్కలు, వాటి కింద 'తిండి కలిగితే' నుంచి నాలుగు పాదాలు, మళ్ళీ 'సొంత లాభం' నుంచి ఇంకో నాలుగు. ఆఖర్న "ఈ పాదాల ద్వారా గురజాడ దేశమంటే మనుషులని చాలా చక్కగా తెలియజేశారు". అంతే, పేరా అయిపోయింది. ఇందులో నీ మాటలు మూడు వాక్యాలే, ఆ మూడింటిలోనూ నువ్వు చెప్పిందంటూ ఏమీ లేదు. ఆ ఎనిమిది పాదాలూ పెళ్ళికి పిలిచి ఎవరూ పలకరించకుండా వదిలేసిన చుట్టాల్లా నిలబడి ఉన్నాయి. దిద్దేవాళ్ళకు గురజాడ పాదాలు కంఠతా వచ్చు. వాళ్ళకు కావలసింది వాటితో నువ్వు ఏం రుజువు చేస్తున్నావన్నది.

కాబట్టి ముందు పాదాన్ని వెతకడం మానెయ్. నువ్వు చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంలో రాసుకో. "గురజాడ గొప్ప దేశభక్తుడు" అన్నదాన్ని ఎవరూ కాదనరు, కాదనని మాటకు సాక్ష్యం దేనికి? కొంచెం వాదనకు చోటుండేలా చూడు. ఉదాహరణకి "ఈ గేయంలో దేశభక్తి తిండి దగ్గర మొదలవుతుంది" అన్నావనుకో, అవునా, ఎలా చెప్పగలవు అని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబిచ్చేదే నువ్వు ఎత్తి రాయవలసిన పాదం. ఇలా చూస్తే అందరి నోటా నానిన 'దేశమంటే మట్టి కాదోయ్' ఇక్కడ అంత పనికిరాదు. అది తీర్పు చెప్పే పాదం, కారణం చెప్పే పాదం కాదు. కారణం రెండో చరణంలో ఉంది:

తిండి కలిగితే కండ కలదోయ్
కండ కలవాడేను మనిషోయ్!

ఈ రెండు పాదాలు చాలు. ఇందులో పట్టుకోవడానికి మాటలున్నాయి. 'కలిగితే' అన్న షరతు ఉంది. మొదటి పాదంలో 'కండ కలదోయ్' అని వదిలిన చోటి నుంచే రెండో పాదం 'కండ కలవాడేను' అని అందుకుంటుంది. 'కలవాడేను'లో ఆ 'ఏ' ఉంది, అది ఇంకెవరికీ చోటివ్వదు. ఎత్తి రాసే ముక్కను ఎంచుకోవడానికి నేను చూసే గుర్తు ఇదే: అందులో కనీసం ఒక్క మాటమీదైనా నువ్వు వేలుపెట్టి చూపించగలగాలి. చూపించడానికి ఏమీ లేకపోతే ఆ సంగతి నీ మాటల్లోనే చెప్పెయ్, కొటేషన్ అక్కర్లేదు.

ఇక దాన్ని వాక్యంలో ఎలా కూర్చాలన్నది. 'ఆయన ఇలా అన్నారు' అని ఆగిపోయి కింద పాదాలు దింపడం పద్యం మొత్తం ఎత్తి రాసేటప్పుడు సరే. చిన్న ముక్కకు అది బరువు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కనక ఎత్తి రాసిన ముక్క సహజంగా మధ్యలో పడుతుంది. ముందు ఎవరు, ఏ సందర్భంలో అన్నది రావాలి, తర్వాత ముక్క, ఆ తర్వాత 'అని', ఆపైన నీ క్రియ. ఆ చివరి క్రియ దగ్గరే నువ్వు బద్ధకిస్తున్నావు. 'తెలియజేశారు', 'పేర్కొన్నారు', 'చెప్పారు' అన్నీ ఒకటే, వాటివల్ల నీ వాదన అంగుళం కూడా కదలదు. 'తిండి కలిగితే కండ కలదోయ్' అని షరతు పెడతారు అను, అప్పుడే సగం విశ్లేషణ అయిపోయింది, ఎందుకంటే పాదంలో నిజంగానే షరతు ఉంది. అలాగని 'గర్జించారు', 'నిప్పులు చెరిగారు' అని రాసేవు సుమా! పాదంలో లేనిది క్రియలో దూర్చకూడదు. నీ మూడో పేజీలో ఒక 'సింహనాదం' కూడా ఉంది, దాన్ని కొట్టేశాను.

ఇంకో చిక్కు ఉంది. ఈ గేయంలో దాదాపు ప్రతి చరణమూ 'ఓయ్' అని ఎదుటివాణ్ణి పిలుస్తుంది, చాలాచోట్ల ఆజ్ఞాపిస్తుంది కూడా. నీ వాక్యం మామూలు వచనం. రెండూ కలిపితే ఒక్కోసారి అతకదు. "గురజాడ 'వట్టి గొప్పలు చెప్పుకోకోయ్' చెప్పేవారిని విమర్శించారు" అని రాశావు చూడు, చదువుతుంటే గొంతులో అడ్డం పడింది. అలాంటప్పుడు పాదాన్ని మార్చకు, చిన్నది చెయ్. 'వట్టి గొప్పలు' వరకే తీసుకుని క్రియ నువ్వు వేసుకో: "దేశాభిమానం ఉందంటూ 'వట్టి గొప్పలు' చెప్పుకునేవారిని". ఇప్పుడు నోట్లోంచి సాఫీగా వస్తుంది. ప్రత్యయం కలపాల్సి వస్తే కొటేషన్ గుర్తు బయట పెట్టు, లోపల మాత్రం గురజాడ అక్షరాలే ఉండాలి. 'కలవాడేను'ను 'కలవాడే' అని సరిచెయ్యడం, 'ఓయ్'లు తీసేసి వచనంలోకి మార్చడం పనికిరాదు. ఆయన ముత్యాలసరం నడకలో రాశారు, ఒక్క మాట మారినా నడక కుంటుతుంది. ఇంకో మాట, పాదాలు నోటికొచ్చుగదా అని నమ్మి రాసెయ్యకు. ఎక్కువసార్లు విన్న పాదాలే ఎక్కువగా మారిపోతాయి. పుస్తకం తెరిచి చూసి రాయి.

అసలు కష్టం తర్వాతి వాక్యంలో ఉంది. ముక్కను ఎత్తి రాశాక "అంటే తిండి ఉంటే బలం ఉంటుందని, బలం ఉన్నవాడే మనిషని భావం" అని రాస్తావు. అది తాత్పర్యం, పదో తరగతిలో రాసినట్టు. తాత్పర్యమో విశ్లేషణో తేల్చుకోవడం తేలికే. ఆ పాదాన్ని చూడకుండా, దాని అర్థం మాత్రం విన్నవాడు కూడా నీ వాక్యం రాయగలడా? రాయగలిగితే అది తాత్పర్యమే. మాట ఎక్కడ ఉందో, ఎలా ఉందో చూసినవాడే రాయగలిగితే విశ్లేషణ. అలంకారం పేరు చెప్పి వదిలెయ్యడం కూడా చాలదు. 'ఇక్కడ ముక్తపదగ్రస్త ఛాయ ఉంది' అంటే పేరు పెట్టావు, బాగుంది. అయితే ఏటి? దానివల్ల అర్థానికి ఏం జరిగిందో చెప్పు.

ఒక ప్రమాదం కూడా ఉంది. చిన్న ముక్క తీసుకుంటే అది తన చుట్టూ ఉన్నదాన్ని వదిలేసి వస్తుంది. 'కండ కలవాడేను మనిషోయ్' ఒక్కటే చూపిస్తే, మరి బక్కవాడు, జబ్బు మనిషి, ముసలమ్మ మనుషులు కారా అని ఎవరైనా అడగొచ్చు. నిజంగా మంచి ప్రశ్న. తప్పించుకోవద్దు. అదే చరణంలో పైన 'పాటుపడవోయ్' అని, కింది చరణంలో 'ఈసురోమని మనుషులుంటే' అని ఉన్నాయి. వాటితో జవాబు చెప్పుకోవచ్చు. నాలుగు పాదాలు మళ్ళీ దింపక్కర్లేదు, రెండు మూడు మాటలు చాలు.

ఇదంతా కలిపి నేనైతే ఇలా రాస్తాను, చూడు:

"దేశాన్ని ప్రేమించమని మొదలుపెట్టిన గురజాడ రెండో చరణానికే పాడిపంటల దగ్గరికి వస్తారు. అక్కడ 'తిండి కలిగితే కండ కలదోయ్' అని షరతు పెట్టి, వెంటనే 'కండ కలవాడేను మనిషోయ్' అని ముగిస్తారు. ఒక పాదం వదిలిన కండనే రెండో పాదం ఎత్తుకోవడం వల్ల తిండికీ మనిషికీ మధ్య వేరే మాటకు చోటు లేకుండా పోయింది. ఇది బలహీనుణ్ణి కించపరచడం కాదు. మనుషులు 'ఈసురోమని' ఉంటే దేశం ఎలా బాగుపడుతుందని తర్వాతి చరణం అడుగుతుంది. అంటే ఆయన తప్పుపడుతున్నది మనిషిని కాదు, మనిషిని అలా ఉంచిన స్థితిని. అందుకే గేయంలో ముందుకెళ్ళాక 'దేశమంటే మనుషులోయ్' అన్నప్పుడు ఆ మనుషులు ఊహలో మనుషులు కారు, పూట పూటకూ తిండి కావలసినవాళ్ళు."

గురజాడ మాటలు ఎన్ని వాడానో చూడు. నువ్వు దింపిన ఎనిమిది పాదాల్లో సగం కూడా లేవు. అయినా ఆయన గొంతు ఎక్కువ వినిపిస్తుంది, ఎందుకంటే ప్రతి ముక్క వెనకా ఒక పని ఉంది. నీకిష్టమైన 'దేశమంటే మనుషులోయ్' పాదాన్ని కూడా పారెయ్యలేదు, చేరవలసిన చోటుకు చేర్చానంతే. 'అంటే ఆయన తప్పుపడుతున్నది' అన్న వాక్యం మాత్రం నా వ్యాఖ్యానం. నీకు నచ్చకపోతే మార్చుకో, ఎవరైనా నిలదీస్తే సమర్థించుకోవలసింది నువ్వే.

ప్రతి వాక్యంలోనూ ముక్కలు గుచ్చేసి ఇదే పద్ధతి అనుకునేవు. పేరాకు ఒక పెద్ద ముక్క, దానికి తోడు ఒకటో రెండో చిన్న మాటలు. అంతకు మించితే నీ వాక్యం కొటేషన్ గుర్తుల అడవైపోతుంది.

ఇక రెండో పేరా. దాన్ని నేను ముట్టుకోలేదు, నువ్వే రాసి పంపు. గురజాడకు డబ్బు మీద ఆపేక్ష లేదని అందులో వాదించావు, 'సొంత లాభం కొంత మానుకు' సాక్ష్యంగా పెట్టావు. అదే గేయంలో 'డబ్బు తేలేనట్టి నరులకు / కీర్తి సంపద లబ్బవోయ్' కూడా ఉంది కదరా! దాన్ని చూడనట్టు దాటేశావు. ఆ రెండూ ఎదురెదురుగా పెట్టి రాయి. 'మానుకు' ముందున్న 'కొంత' మీద ఆగి చూడు, నీ వాదన బహుశా అక్కడే మారుతుంది. సిరిమాను జాతరకు ఎలాగూ వస్తావు కదా, వచ్చేటప్పుడు ఆ కాగితం తెచ్చినా సరే.

చెల్లాయిని అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ బావ