కడుపు నొప్పి అంటే సాకేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా నెలకో, నెలన్నరకో ఒకసారి పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పంటూ ముడుచుకుని పడుకునేది. మొహం తెల్లగా పాలిపోయేది. వికారంతో మంచినీళ్లు కూడా వద్దనేది, కిటికీ తీస్తే కళ్లు మూసుకునేది. మధ్యాహ్నం దాటాక ఏమీ జరగనట్టు లేచి అన్నం అడిగేది. అలా లేచి అన్నం అడగడమే మా కొంప ముంచింది. బడి ఎగ్గొట్టే సాకు అన్నారు టీచరు. దిష్టి అన్నారు మా అత్తగారు. నులిపురుగులేమోనని మేమూ ఆల్బెండజోల్ వేశాం. అది ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఎలాగూ మింగిస్తున్నారని అప్పుడు తట్టలేదు.

తర్వాత స్కానింగ్. "పేగుల దగ్గర గ్రంథులు కనిపిస్తున్నాయి" అని రాసిచ్చారు. దానికి రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడాం. నొప్పి తన సమయానికి తాను మళ్లీ వచ్చింది. అలాంటి చిన్న గ్రంథులు ఏ జబ్బూ లేని పిల్లల స్కానింగ్‌లోనూ కనిపిస్తాయని ఆ తర్వాత తెలిసింది.

చివరికి ఒక పిల్లల డాక్టరు పాపను వదిలేసి నన్ను అడిగారు: "ఇంట్లో ఎవరికైనా పార్శ్వపు నొప్పి ఉందామ్మా?" నాకే ఉంది, పెళ్లికి ముందు నుంచీ. పిల్ల కడుపుకీ నా తలకీ సంబంధమేమిటని ఎవరికీ చెప్పలేదు. ఇది కడుపులో వచ్చే మైగ్రేన్ అన్నారాయన. తలనొప్పి ఉండి తీరాలనేం లేదట. దీన్ని తేల్చే పరీక్షంటూ లేదు, నొప్పి వచ్చే తీరును బట్టే పోల్చుకోవాలి. ప్రతిసారీ ఒకే తీరుగా రావడం, గంటకు పైగా ఉండటం, పాలిపోవడం, వికారం, వాంతులు, వెలుతురు పడకపోవడం లాంటివి కనీసం రెండు తోడవడం, మధ్యలో వారాల తరబడి పిల్ల పూర్తిగా బాగుండటం. నేను క్యాలెండర్ మీద గుర్తుపెట్టిన తేదీలు చూశాకే ఆయన ఆ మాటన్నారు.

ఇప్పుడు నొప్పి మొదలవగానే బరువుకు తగ్గ పారాసెటమాల్ ఇచ్చి చీకటి గదిలో పడుకోబెడుతున్నాం. టిఫిన్ మానేసి ఆటో ఎక్కడం, రాత్రి పొద్దుపోయాక పడుకోవడం ఆపించాం. ఈ ఏడాది రెండుసార్లే వచ్చింది. ఇంకా తరచుగా వచ్చేవారికి రోజూ వేసే నివారణ మందులూ ఉన్నాయట.

అలాగని ప్రతి కడుపు నొప్పినీ మైగ్రేన్ అనుకోకూడదు. నొప్పి కుడివైపు కిందికి దిగినా, పచ్చటి వాంతి, విరేచనంలో నెత్తురు, జ్వరం, బరువు తగ్గడం కనిపించినా, నిద్రలో నొప్పితో లేచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ప్రభుత్వ బాలల ఆరోగ్య బృందాలు బడులకు వచ్చి బరువు, పళ్లు, కళ్లు చూస్తుంటాయి. కడుపు నొప్పితో తరచూ బడి మానే పిల్లల పేర్లు టీచర్లనడిగి, ఇంట్లో పార్శ్వపు నొప్పి ఉందేమో ఆ తల్లిదండ్రులను కనుక్కోవాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక తల్లి, గుంటూరు జిల్లా