వెయ్యి కిలోమీటర్ల అప్పు, కంతుల్లో

కర్నూలు,
ఆగస్టు 31, ఆదివారం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. ఈ ఏడాది వెయ్యి కిలోమీటర్లు పరుగెత్తుతానని ఉగాది పచ్చడి తింటూ మా అందరి ముందూ శపథం చేసినవాడివి, ఇప్పటికి 520 దగ్గర ఉన్నావా! పైగా "మిగిలిన 480 ఎంతసేపు, రోజుకి 10 చొప్పున 48 రోజుల్లో కొట్టేస్తా" అని రాశావు. అది చదివి నాకు నవ్వు రాలేదు రా, కాలు నొప్పి వచ్చింది. పోయిన ఏడాది నేనూ అచ్చం ఈ లెక్కే వేశాను.

అప్పట్లో నా లెక్క చాలా ముచ్చటగా ఉండేది. 52 వారాల్లో రెండు వారాలు పండగలకీ పెళ్లిళ్లకీ వదిలేసి, మిగిలిన 50 వారాలకి వారానికి 20. పద్నాలుగో వారానికి సరిగ్గా 280 అయింది. అప్పుడు జ్వరం తగులుకుంది. అది తగ్గేసరికి మరదలి పెళ్లి, పెళ్లి పనులు అయ్యేసరికి మన ఎండలు. ఐదు వారాలు బూట్లు గూట్లోంచి బయటికే రాలేదు. నోట్‌బుక్ తీస్తే 380 ఉండాల్సిన చోట 280. అంటే వంద కిలోమీటర్ల బాకీ. ఆ వంద చూసేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. మూడు వారాల్లో తీర్చేయాలని మొదటి వారమే 45 లాగించాను. ఊపిరి బాగానే ఆడింది కాబట్టి ఏమీ కాదనుకున్నాను. రెండో వారం 15 అయ్యాక కేసీ కాలువ గట్టు మీద ముంగాలు పట్టేసి, ఇంటికి ఆటోలో వచ్చాను.

తర్వాత తెలిసిందేమంటే, మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఊపిరి, గుండె తొందరగానే దారికి వస్తాయి. ఎముకలు, వాటిని పట్టుకుని ఉండే నరాల్లాంటి పట్టీలు అంత తొందరగా రావు. అందుకే "ఇంకా పరుగెత్తగలను" అనిపించిన రోజే కాలికి దెబ్బ. నాకు ముంగాలి ఎముక లోపలి అంచు వెంట జానెడు పొడవున నొక్కితే నొప్పి ఉండేది. అది విశ్రాంతితో తగ్గే రకం. వేలి కొస పెట్టినంత ఒకే చోట సూది పొడిచినట్టు ఉండి, నడిచినా రాత్రి పడుకున్నా నొప్పి పోకపోతే మాత్రం ఎముకలో పగులు ఉండొచ్చు. అప్పుడు జండూబామ్ రాసుకుంటూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి.

మంచం మీద ఉన్నప్పుడు తీరిగ్గా లెక్క వేస్తే సిగ్గేసింది రా. ఐదు వారాలు పోయిన రోజున నేను చూడాల్సింది వంద బాకీని కాదు. మిగిలిన దూరం 720, మిగిలిన వారాలు 33. భాగిస్తే వారానికి దాదాపు 22. అంటే నా పాత 20 మీద రెండు కిలోమీటర్లు ఎక్కువ, అంతే! బ్యాంకువాడు ఇచ్చినట్టు కంతులు చేతిలో ఉండగా, నేను మొత్తం అసలు ఒక్కసారిగా కట్టబోయి నడుం విరగ్గొట్టుకున్నాను. ఇంత తెలివితక్కువ పని చేసి, ఇంకో రెండున్నర వారాలు పోగొట్టుకున్నాక కూడా, మిగిలిన 660ని 29 వారాలకి పంచితే 23 కూడా దాటలేదు. పదితో మొదలుపెట్టి మెల్లగా పెంచి, డిసెంబరు ఆఖరుకి 968 దగ్గర ఆగాను.

అప్పటినుంచి బాకీ గడి కొట్టేశాను. ప్రతి ఆదివారం రాత్రి ఒక్క భాగహారం చేస్తాను. నీకు ఫోన్లో షీట్ అలవాటు కదా, A1లో అయిపోయిన వారాల సంఖ్య, B1లో ఇప్పటిదాకా పరుగెత్తిన దూరం పెట్టుకుని ఇది రాయి:

```
=(1000-B1)/(52-A1)
```

రోజువారీ లెక్క మాత్రం పెట్టుకోకు. వెయ్యిని 365తో భాగిస్తే 2.74 వస్తుంది. వినడానికి చిన్నదే, కానీ ఒక్కరోజు వాన పడినా, బంధువులు వచ్చినా ఆ రోజు ఓడిపోయినట్టే. వారం లెక్కయితే నాలుగు రోజులు పరుగెత్తి మూడు రోజులు కాలుకి సెలవు ఇవ్వొచ్చు. గురువారం తప్పిపోయిందనుకో, ఆదివారం పరుగుకి ఒకటో రెండో కిలోమీటర్లు కలుపు. మిగతాది వదిలెయ్, ఆ రాత్రి భాగహారమే దాన్ని అన్ని వారాలకీ సర్దేస్తుంది.

ఇంకో మాట, ఇది మన సీమవాళ్లకే. అన్ని వారాలకీ ఒకే అంకె పెట్టడం ఎండ తెలియనివాడి లెక్క. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా పది వారాలకి 14 చొప్పునే రాసుకున్నాను ఈ ఏడాది. ఆ 140 పోగా మిగిలిన 860, నలభై వారాలకి 21.5. రెండు వారాలు సున్నా. ఎండాకాలంలో తెల్లారి ఐదింటికే లేచి స్టేడియం చుట్టూ నాలుగు కిలోమీటర్లు తిరిగి వచ్చినా వెనకబడ్డాననే దిగులు లేదు.

ఇక నీ సంగతి. 480ని 17 వారాలకి పంచితే 28 దాటుతుంది. కానీ పోయిన నెలంతా నువ్వు పరుగెత్తింది వారానికి 12. భాగహారం అబద్ధం చెప్పదు గానీ, నీ కాలు దాన్ని మోయగలదో లేదో అది చెప్పదు. అందుకని మెల్లగా ఎక్కే మెట్లు వేసి చూశాను. మొదటి వారం 14, తర్వాత 16, 18, నాలుగో వారం మళ్లీ 14కి దిగు. ఆపైన 20, 22, 24, దిగి 18. తర్వాత 26, 28, 28, దిగి 20. ఆ తర్వాత మూడు వారాలు 28, ఒకటి 22, చివరిది 28. కూడితే 382. నీ 520తో కలిపితే 902.

అంటే రమణా, నీ వెయ్యి ఈ ఏడాదికి కాదు, తొమ్మిది వందలు. కోపం తెచ్చుకోకు. శపథం ఉగాదినాడు చేశావు కాబట్టి కావాలంటే వచ్చే ఉగాది దాకా లెక్కపెట్టుకో, ఎవడూ అడగడు!

మొదటి వారం 14ని మంగళవారం 4, గురువారం 4, ఆదివారం 6గా పంచుకో. 28కి వచ్చేసరికి నాలుగు రోజులు కావాలి: 6, 5, 6, ఆదివారం 11. మాటలాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగానే పో. దిగే వారాలు సోమరితనం కాదు, వాటిని ఎగ్గొట్టకు. దీపావళికో, ఇంట్లో ఏదన్నా పనికో ఒక వారం పోతే దాన్నే దిగే వారంగా రాసుకుని ముందుకు పో. తెల్లారి లేచేసరికి ముంగాలు పట్టేసినట్టు ఉండి, నడిచినా వదలకపోతే పెంచడం ఆపి, అంతకు ముందు వారం అంకెకి దిగు.

మా ఊళ్లో వచ్చే వారం నిమజ్జనం. కాలువ గట్టు మీద జనం, ట్రాక్టర్లు, రంగులు. నాకు ఆ వారం సున్నానే, ముందే రాసిపెట్టుకున్నా. నువ్వు మాత్రం ఆదివారం రాత్రి నీ 14 అయిందో లేదో మెసేజ్ పెట్టు. ఒక్క అంకె చాలు, కథలొద్దు.

నీ
శీను