మన కాలనీ సంఘం వార్షిక నివేదిక: నలుగురిలో మాట్లాడాలంటే భయపడే కాలేజీ పిల్లలకు ఆరు వారాల క్లాసు

సభ్యులందరికీ నమస్కారం. మామూలు పనులు మొదట్లోనే చెప్పేస్తా. నీళ్ల ట్యాంకు వాల్వు మార్పించినాం, మూడో వీధిలో లైట్లు వేయించినాం, ఉగాదికి పంచాంగ శ్రవణం, వినాయక చవితి ఎప్పటిలాగే బాగా జరిగినాయి. జమాఖర్చుల పుస్తకం ట్రెజరర్ అన్న దగ్గర ఉంది, జనరల్ బాడీలో చదివి వినిపిస్తారు. మిగతా పేజీలన్నీ ఆదివారం క్లాసు గురించే రాస్తాన్నా, ఎందుకంటే వచ్చే ఏడాది కూడా దీన్ని నడపాలా వద్దా అని మీరే తీర్మానం చేయాల, అది చేయాలంటే లోపల ఏం జరిగిందో మీకు తెలియాల.

అంతకుముందు ఏడాది ఒకసారి ప్రయత్నం చేసినాం, గుర్తుండే ఉంటుంది. అనంతపురంలో డిగ్రీ చదివే పిల్లలు మన కాలనీలోనూ చుట్టుపక్కల రూముల్లోనూ బాగా ఉన్నారు, మార్కులు బాగానే వస్తాయి గానీ క్లాసులో సెమినార్ అంటే ఆ రోజు కాలేజీకే పోరు. పాపం అని పద్నాలుగు మందిని పిలిచి, కమ్యూనిటీ హాల్లో మైకు పెట్టి, మొదటి ఆదివారమే ఒక్కొక్కరిని స్టేజీ ఎక్కించి మీ గురించి మీరు ఇంగ్లీషులో చెప్పండి అన్నాం. రెండో వారానికి ఐదుగురే వచ్చినారు. ఒక పాప రెండు వాక్యాలు చెప్పి ఆగిపోతే, ఏడుస్తుందేమో అని మేమే సరేమ్మా కూర్చో అని కూర్చోబెట్టినాం. ఆ పాపకు మేం చేసిన పెద్ద నష్టం అదే, అప్పుడు మాకు తెలియలేదు.

ఈ ఏడాది ప్లాన్ వేసే ముందు సైకాలజీ చెప్పే ఒక రిటైర్డ్ లెక్చరర్ మేడం దగ్గరికి పోయి కూర్చున్నాం. మేడం చెప్పింది ఏందంటే, మాట్లాడే ముందూ మొదలుపెట్టిన మొదటి నిమిషంలోనూ భయం బాగా పైకి పోతుంది, ఆగకుండా మాట్లాడుతా పోతే చాలామందికి దానంతట అదే దిగుతుంది. భయం పైన ఉన్నప్పుడే కూర్చోబెడితే ఒక్కసారిగా హాయి అనిపిస్తుంది, తప్పించుకుంటేనే బతికినాం అని మనసు నేర్చుకుంటుంది, తర్వాతిసారి భయం ఇంకా ముందే మొదలవుతుంది. అందుకే మెట్లు చిన్నవిగా ఉండాల, కానీ ఎక్కిన మెట్టు మీద భయం కొంచెమన్నా దిగేదాకా నిలబడాల. మెట్టు పెంచేటప్పుడు ఒక్కటే మార్చాల. వినేవాళ్ల సంఖ్యన్నా పెంచు, నిలబడన్నా చెప్పించు, కాయితమన్నా తీసెయ్యి, అన్నీ ఒకేసారి వద్దు. మేం ముందేడాది మైకు, స్టేజీ, కొత్త మొహాలు, ఇంగ్లీషు నాలుగూ ఒకే రోజు పెట్టినాం.

కొలవడానికి ఒక అంకె పెట్టుకున్నాం. జోసెఫ్ వోల్పే అనే సైకియాట్రిస్టు భయాన్ని 0 నుంచి 100 దాకా రోగి నోటితోనే చెప్పించే పద్ధతి పెట్టినాడంట, మేం దాన్ని సులభంగా 0 నుంచి 10 చేసుకున్నాం. ప్రతి పిల్లకూ ఒక చిన్న నోటుబుక్కు, మాట్లాడే ముందు ఒక అంకె, అయినాక ఒక అంకె. ఎనిమిది మందినే తీసుకున్నాం, ఆదివారం పది నుంచి పదకొండున్నర దాకా. ఎనిమిది దాటితే ఒక్కొక్కరికి మూడు సార్లు మాట్లాడే టైము దొరకదు, ఆ మూడు సార్లే ఈ క్లాసుకు ప్రాణం.

మొదటి వారం ఇద్దరిద్దరు ఎదురెదురుగా కుర్చీల్లో. మా ఇంటి నుంచి కాలేజీకి ఎట్ల పోవాల అనేది ఒక్క నిమిషం చెప్పాల, తెలుగులోనే, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే. అదే విషయం జత మార్చి రెండోసారి, మళ్లీ మార్చి మూడోసారి. కొత్త విషయం అడగలేదు, ఎందుకంటే ఏం చెప్పాలి అనే దిగులు లేకుంటేనే భయం ఒక్కటే మిగిలి కనిపిస్తుంది. రెండో వారం ముగ్గురు వినేవాళ్లు, కూర్చునే, రెండు నిమిషాలు, చేతికి వచ్చిన పని ఒకటి ఎట్ల చేస్తారో చెప్పాల. మూడో వారం అదే విషయం నిలబడి. నాలుగో వారం ఎనిమిది మంది ముందర. ఇంటి పని కూడా ఉంటుంది, జిరాక్స్ షాపులో అడగాల్సింది గట్టిగా అడగడం దగ్గర మొదలై, ఐదో వారానికి క్లాసులో లెక్చరర్‌ను ఒక డౌటు అడిగి రావడం దాకా.

విన్నవాళ్లకు ఒక రూలు పెట్టినాం: సూపర్, బాగుంది, భయపడకు ఈ మూడు మాటలూ అనకూడదు. బదులుగా నాకు గుర్తున్నది ఇది అని విషయంలోంచి ఒకటి చెప్పాల. భయపడకు అంటే నా భయం బయటికి కనిపించింది అని పిల్లలకు అర్థమవుతుంది. గుర్తున్నది చెప్తే మాత్రం వీళ్లు నన్ను చూడలేదు, నేను చెప్పింది విన్నారు అని తెలుస్తుంది.

ఇప్పుడు ఒక పాప సంగతి కొంచెం వివరంగా రాస్తా, పేరు రాయను, ఇట్ల రాస్తానని ఆ పాపను అడిగినా. బీఎస్సీ రెండో సంవత్సరం, నార్పల పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది. మొదటి వారం ముందు అంకె 8, మూడోసారి చెప్పినాక 4. రెండో వారం ఉగ్గాని చేసేది చెప్పింది. బొరుగులు నీళ్లల్లో వేసి ఎక్కువసేపు నాననీకూడదు, వెంటనే పిండి తీయాల లేకుంటే ముద్దయిపోతాయి అని చెప్తా ఉంటే చేతులు రెండూ బొరుగులు పిండినట్టు ఆడినాయి, ఆ పాపకు అది తెలియనే తెలియదు. ఆ రోజు 7 నుంచి 3కు దిగింది. మూడో వారం 6 నుంచి 3. మేం బాగా సంతోషపడినాం.

నాలుగో వారం ఎనిమిది మంది ముందర 8 అని రాసింది, మూడుసార్లు చెప్పినా 8 లోనే ఉంది. ఎందుకో అర్థం కాలే. మేడం వచ్చి వెనక కూర్చుని చూసి, కాయితం చూడండి అన్నారు. మొదటి వారం కాయితం లేదు. రెండో వారం ఎందుకైనా మంచిది అని రాసుకుని ఒళ్లో పెట్టుకుంది, మూడో వారం చేతిలో పట్టుకుంది, నాలుగో వారానికి మొత్తం చదివేస్తాంది, తల పైకే ఎత్తడం లేదు. అంటే మధ్యలో తగ్గిన అంకెల్లో సగం కాయితానివి. భయాన్ని తట్టుకోవడానికి పట్టుకునే ఇట్లాంటి ఆసరాలు ఒక్కొక్కరికి ఒక్కోటి ఉంటాయి: ఒకడు గబగబా ఒక్క గుక్కలో ముగిస్తాడు, ఒకడు గోడకు ఆనుకుంటాడు, ఒకరు స్నేహితురాలి మొహమే చూసి మాట్లాడుతారు. బయటపడినా ఆసరా వల్లే బయటపడినాననుకుంటారు గానీ నేను మాట్లాడగలను అని అనుకోరు. గుర్తుపట్టే పద్ధతి సులభమే, ఆ ఒక్కటి తీసేసి మళ్లీ అంకె అడగాల. కాయితం లేకుండా అంటే ఆ పాప 9 అనింది.

అందుకని ఒక మెట్టు వెనక్కి దించినాం. మళ్లీ ముగ్గురే వినేవాళ్లు, పోస్టుకార్డు సైజు అట్ట మీద ఐదు మాటలే: బొరుగులు, నీళ్లు, తిరగమోత, పుట్నాల పొడి, బజ్జీ. వాక్యాలు రాయకూడదు, ఎందుకంటే వాక్యం ఉంటే కన్ను దాని మీదికే పోతుంది. రెండోసారి ఆ అట్ట టేబుల్ మీద పెట్టింది, చేతికి అందేంత దూరంలో. మూడోసారి బోర్లించి పెట్టింది. మధ్యలో ఒకచోట ఆగింది, నాలుగైదు సెకన్లు, మేమెవరమూ అందించలేదు, తర్వాత తనే పుట్నాల పొడి అని అందుకుంది. అంకె 9 నుంచి 5కు వచ్చింది. వారం మధ్యలో బుధవారం సాయంత్రం అదనంగా ఒకసారి పిలిచి ఎనిమిది మంది ముందర అదే చెప్పించినాం.

ఐదో వారం రెండు పనులు పెట్టినాం. ఒకటి, కావాలనే తప్పు చేయడం. ఆగిపోతే అందరూ నవ్వుతారు అనేదే పిల్లల పెద్ద భయం కాబట్టి మధ్యలో కావాలని మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టాల. ఆపడానికి ముందు ఏం జరుగుతుందనుకుంటున్నావో రాయాల, అయినాక ఏం జరిగిందో రాయాల. అప్పటికి మిగిలిన ఏడుగురిలో ఆరుగురు, అందరూ నవ్వుతారు అని రాసినారు, ఒక్కరూ నవ్వలేదు. విన్నవాళ్లలో ఇద్దరైతే ఆగిన సంగతే గమనించలేదు.

రెండోది ఫోన్లో వీడియో. 2003లో సావిట్స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు చూపించిన విషయం ఉంది: మాట్లాడేవాళ్లు తమ కంగారు ఎదుటివాళ్లకు ఎంత కనిపిస్తుందనుకుంటారో అంత కనిపించదు, ఆ సంగతి ముందే చెప్పి మాట్లాడిస్తే ఇంకా బాగా మాట్లాడుతారు. దీన్ని మా పిల్లల మీద చూసినాం, కానీ వీడియో ఉత్తగా చూపిస్తే పిల్లలు తమ తప్పులే వెతుక్కుంటారు. ముందు చేతులు ఎంత వణికినాయి, గొంతు ఎంత తడబడింది అంకె వేయించి, తర్వాత ఇది ఎవరో తెలియని మనిషి అనుకుని చూడు అని చూపించినాం. ఆ పాప చేతులకు 9 వేసుకుంది, చూసినాక 3కు మార్చింది. వీడియోలు ఆ పిల్లల ఫోన్లోనే తీసినాం, సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక్కటి కూడా పెట్టలేదు, అడిగిన సభ్యులు దయచేసి అర్థం చేసుకోండి. ఆ నమ్మకం పోతే ఆడపిల్లలు మళ్లీ రారు.

ఆరో వారం హాల్లో మన సభ్యులు పాతిక మంది దాకా వచ్చినారు. మూడు నిమిషాలు, చివర్లో ఒక ప్రశ్న. ఏడుగురు పూర్తి చేసినారు. ఆ పాపను పెద్దాయన ఒకరు బొరుగులకు బదులు అటుకులు వేయొచ్చా పాపా అని అడిగితే, వేయొచ్చు తాతా గానీ దాన్ని ఉగ్గాని అనరు అనింది, హాలంతా నవ్వినారు, తనూ నవ్వింది. ముందు 7, తర్వాత 2.

ఎనిమిదో అబ్బాయి మూడో వారం నుంచి రాలేదు. ఇంటికి పోయి మాట్లాడితే తెలిసింది, వాడికి మాట్లాడడం ఒక్కటే కాదు, క్యాంటీన్లో నలుగురి ముందు తినడానికీ భయమే, కాలేజీకి పోక రెండు నెలలైంది. అది మా క్లాసుతో అయ్యే పని కాదు. వాళ్ల నాన్నతో మాట్లాడి మనసు బాగలేనివాళ్లకు ఫోన్లో సాయం చేసే గవర్నమెంట్ టెలిమానస్ 14416 నంబరు ఇచ్చినాం, డాక్టరు దగ్గరికి కూడా పోతున్నాడు. నత్తి ఉన్న పిల్లలు వచ్చినా వాళ్లకు నిమిషాల లెక్క పెట్టకూడదు, స్పీచ్ థెరపిస్టును కలవమని చెప్పాల. ఇకమీదట చేర్చుకునే రోజే ఈ రెండూ ఇంటివాళ్లను విడిగా అడుగుతాం.

వచ్చే ఏడాదికి అడుగుతాన్నది ఇది. జూలైలో ఒకటి, జనవరిలో ఒకటి, రెండు బ్యాచ్‌లు, ఒక్కోదాంట్లో ఎనిమిది మందే. కాయితం సంగతి రెండో వారంలోనే చూసుకుంటాం. ఇంటర్వ్యూలకు ఇంగ్లీషు కావాలని పిల్లలు అడుగుతున్నారు కాబట్టి ఇంకో రెండు వారాలు కలిపి ఎనిమిది వారాలు చేస్తాం, ఆ రెండు వారాల్లో తెలుగులో నోటికి వచ్చేసిన అదే విషయాన్ని ఇంగ్లీషులో ఇద్దరికి, తర్వాత ముగ్గురికి. నోటుబుక్కులు, అట్టలు, టీ కలిపి ఈసారి 1,140 రూపాయలు అయినాయి. ఆదివారం పూట హాలు తాళం, వెనక కూర్చుని వినడానికి నలుగురు సభ్యులు కావాల. వినే పనికి అనుభవం అక్కర్లేదు, ఆగినప్పుడు అందించకుండా ఊరికే ఉండగలిగితే చాలు. పేర్లు ఉగాది లోపల నాకు గానీ ట్రెజరర్ అన్నకు గానీ చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి