మడిగెల డ్రాలో తప్పు కంప్యూటర్‌ది కాదు, లూప్‌ది

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా మార్కెట్ మడిగెల డ్రా గురించి వార్త వచ్చింది. 'కంప్యూటర్ ద్వారా, అందరి ముందు, పూర్తి పారదర్శకంగా' అని రాశారు. అందరి ముందు తీసిన మాట నిజమే, నేనూ అక్కడే ఉన్నాను. కానీ ఆ రోజు తెర మీద చూసింది నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. వారం ఆలస్యమైనా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొత్తం 40 దరఖాస్తులు. డ్రాలో ముందు పేరు వచ్చినవాళ్లు ముందు మడిగె కోరుకోవాలి. అంటే మొదటి పేరు వాళ్లకు రోడ్డు మీది మూల మడిగె, చివరి వాళ్లకు వెనక మురికి కాలువ పక్కది. మా మరదలి దరఖాస్తు చివరి రోజు పడింది, నంబరు 40. కడుపు మండి రాస్తున్నాడని ఎవరైనా అనుకుంటే అనుకోనీయండి. నా బాధ ఆమెకు ఏ మడిగె వచ్చిందని కాదు.

అనుమానాలు వద్దని చెప్పి, అధికారులు ప్రోగ్రామునే తెర మీద పెట్టారు. మంచి పని. అందులో పేర్లు కలిపే భాగం ఇది:

```
for i in range(n):
    j = random.randint(0, n - 1)
    a[i], a[j] = a[j], a[i]
```

నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ చెప్తాను. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఇలాంటి లైన్లను లూప్ అంటాం. ఈ మూడు లైన్లు ప్రతి ఏడాదీ పరీక్ష పేపర్లలో దిద్దుతూనే ఉంటాను. జాబితాలో ఒక్కో జాగ దగ్గర ఆగి, అక్కడి పేరును మొత్తం 40 జాగల్లో ఏదో ఒకదానితో మార్చడం ఇందులో జరిగే పని. చూస్తే బాగా కలిసినట్టే ఉంటుంది. డ్రా అయ్యాక ప్రోగ్రాము రాసిన అబ్బాయిని పక్కకు పిలిచి అడిగాను. 'రాండం అంటే రాండమే కదా సార్' అన్నాడు. అతనిలో దురుద్దేశం లేదు, తెలియకపోవడమే ఉంది. కానీ రాండంగా ఎంచడం వేరు, ఎంచిన దాంతో చేసే పని వేరు.

40 పేర్లు కాగితం మీద పట్టవు కాబట్టి మూడింటితో చూద్దాం. ఎ, బి, సి. లూప్ మూడు సార్లు తిరుగుతుంది, ప్రతిసారీ మూడు జాగల్లో ఒకటి ఎంచుకుంటుంది. 3 × 3 × 3, మొత్తం 27 దారులు, అన్నిటికీ సమాన అవకాశం. మూడు పేర్లను వరుసగా పెట్టే విధాలు మాత్రం 6. ఇరవై ఏడును ఆరుగురికి సమంగా పంచండి చూద్దాం, పంచలేరు. 27 దారులూ బోర్డు మీద రాయించి పిల్లలతో లెక్కపెట్టించాను: ఎబిసి, సిఎబి, సిబిఎ వరుసలు నాలుగేసి సార్లు వచ్చాయి, ఎసిబి, బిఎసి, బిసిఎ అయిదేసి సార్లు వచ్చాయి. మొదటి స్థానం వరకే చూస్తే బికి 10 దారులు, ఎకి 9, సికి 8. ముగ్గురికీ తొమ్మిదేసి రావాల్సిన చోట ఇది.

ఎందుకిలా అంటే, మొదటి జాగలో ఒక పేరు వచ్చి కూర్చున్నాక లూప్ దాన్ని అక్కడే వదలదు. తర్వాతి అడుగుల్లో మళ్లీ ఆ జాగనే ఎంచుకుని, పేరును లేపి వేరొకరిని కూర్చోబెట్టవచ్చు.

పేర్లు ఎక్కువైతే సర్దుకుంటుందని ఒక పెద్దాయన అన్నారు. సర్దుకోదు. 40 మందిని వరుసలో నిలబెట్టే విధాల సంఖ్య 3తో భాగింపబడుతుంది. లూప్ దారుల సంఖ్య, అంటే నలభై 40లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది, 3తో భాగింపబడదు. కాబట్టి సమంగా పంచడం ఇక్కడా కుదరదు. లెక్క కట్టి చూశాను. ఇదే లూప్‌తో వెయ్యి డ్రాలు తీస్తే, మొదటి స్థానం ఒక్కొక్కరికి 25 సార్లు రావాలి. జాబితాలో రెండో నంబరు వారికి సుమారు 34 సార్లు వస్తుంది, నలభయ్యో నంబరు వారికి సుమారు 19 సార్లే. దరఖాస్తు ఎప్పుడు పెట్టారన్న దాన్ని బట్టి అదృష్టం మారితే అది డ్రా ఎట్లా అవుతుంది? ఒక్క డ్రా ఫలితం చూసి ఎవరికి అన్యాయం జరిగిందో నేను చెప్పలేను, రెండో నంబరు వారి మీద నాకు ఏ అనుమానమూ లేదు. తక్కెడే ఒక పక్కకు ఒరిగి ఉందని మాత్రం చెప్పగలను.

సరైన పద్ధతి కొత్తది కాదు. గణాంక శాస్త్రవేత్తలు ఫిషర్, యేట్స్ 1938లోనే కాగితం మీద చేసే పద్ధతి పుస్తకంలో పెట్టారు. కంప్యూటర్‌కు సరిపోయేలా డర్‌స్టెన్‌ఫెల్డ్ 1964లో రాశారు.

```
for i in range(n - 1, 0, -1):
    j = random.randint(0, i)
    a[i], a[j] = a[j], a[i]
```

మన ఊళ్లలో కుండలో చీటీలు వేసి చిన్న పిల్లతో తీయించేవాళ్లం కదా, ఇది అచ్చంగా అదే. చివరి జాగ కోసం అందరిలోంచి ఒక పేరు తీస్తుంది. తీసిన చీటీ మళ్లీ కుండలో పడదు. దాని ముందు జాగకు మిగిలినవాళ్లలోంచే తీస్తుంది. మూడు పేర్లకు ముందు మూడు దారులు, తర్వాత రెండు, మొత్తం 6. వరుసలూ ఆరే, ఒక్కోదానికి ఒక్కో దారి. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. `randint(0, i)`లో `i`, అంటే ఇప్పుడు నింపుతున్న జాగ కూడా లెక్కలోకి రావాలి. కొందరు తెలివిగా `i - 1` దగ్గర ఆపుతారు. అప్పుడు ఏ పేరూ తన పాత జాగలో మిగిలే అవకాశమే ఉండదు, అదీ తప్పే. అసలు ఇవేవీ రాయకుండా `random.shuffle(a)` అన్నా చాలు, ఈ ప్రోగ్రాము రాసిన పైథాన్ భాష లోపల చేసేది ఈ పనే.

నా మాట నమ్మాల్సిన పని లేదు. మూడు పేర్లు పెట్టి ఆ పాత లూప్‌ను 27,000 సార్లు తిప్పించండి. ఆరు వరుసల్లో మూడు 4,000 దగ్గర, మూడు 5,000 దగ్గర ఆగుతాయి. సరైన లూప్‌లో ఆరూ 4,500 దగ్గరే ఉంటాయి, నూట యాభైకి మించి తేడా రావడం అరుదు. రెండు నిమిషాల పరీక్ష ఇది. డ్రాకు ముందు ఎవరూ చేయలేదు. షామియానాకు, మైకుకు, శాలువాలకు మాత్రం అన్ని ఏర్పాట్లూ జరిగాయి. ఇదివరకు ఒక జాబితా అచ్చయితే నలుగురు చదివి సంతకం పెట్టేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్ ఇచ్చిందంటే పెద్ద అధికారులు కూడా ప్రశ్న అడగడం లేదు. బడి సీట్లకు, ఇళ్లకు ఇట్లాగే డ్రాలు తీస్తున్నప్పుడు ఆ ప్రోగ్రాములు ఎవరు చూస్తున్నారు?

కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చాను, రసీదు చేతిలో ఉంది. జవాబు రాలేదు. మడిగెల తాళాలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చేలోపు అవే 40 పేర్లతో, సరిచేసిన లూప్‌తో, మళ్లీ అందరి ముందు డ్రా తీయాలని, ఈసారి ఆ 27,000 సార్ల పరీక్ష కూడా అదే తెర మీద చూపించాలని కోరుతున్నాను. కొత్త డ్రాలో మా మరదలికి కాలువ పక్క మడిగె వచ్చినా మేము తీసుకుంటాం.

– ఒక కంప్యూటర్ అధ్యాపకుడు, హనుమకొండ