టొరాయిడ్ మాన్యువల్‌లో తప్పు సూత్రం గురించి ఫిర్యాదు

ప్రయోగశాల పరికరాల సంస్థ మేనేజర్ గారికి,

విషయం: సోలినాయిడ్–టొరాయిడ్ కిట్‌తో పంపిన మాన్యువల్‌ను సరిదిద్దమని కోరుతూ.

అయ్యా,

మీ కిట్‌ను మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఈ విద్యా సంవత్సరం మొదట్లో కొన్నాం. పరికరం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చుట్లు ఒద్దికగా ఉన్నాయి, హాల్ ప్రోబ్ స్థిరంగా రీడింగ్ ఇస్తోంది. నా ఫిర్యాదంతా దానితో వచ్చిన మాన్యువల్ మీదే.

సోలినాయిడ్ లెక్క సరిగ్గానే ఉంది. 50 సెంటీమీటర్ల పొడవు, 500 చుట్లు, 2 ఆంపియర్ల కరెంటు. మీటరుకు 1000 చుట్లు కాబట్టి B = μ₀nI ప్రకారం 2.51 మిల్లీ టెస్లాలు రావాలి. మధ్యలో మా పిల్లలకు 2.5 వచ్చింది. అయితే ఆ విలువ లోపల ‘అంతటా’ ఉంటుందని రాశారు. కొస దగ్గర అది దాదాపు సగానికి, అంటే 1.26కి పడిపోతుంది. ఆ సూత్రం కొసలకు దూరంగా ఉన్న భాగానికే వర్తిస్తుందని ఒక్క వాక్యం చేర్చితే చాలు.

అసలు తప్పు టొరాయిడ్ దగ్గర జరిగింది. 500 చుట్లు, లోపలి వ్యాసార్థం 5 సెంటీమీటర్లు, బయటిది 10, కరెంటు అదే 2 ఆంపియర్లు. ‘టొరాయిడ్ అంటే వంచిన సోలినాయిడ్’ అని చెప్పి, చుట్ల సంఖ్యను బయటి చుట్టుకొలత 62.8 సెంటీమీటర్లతో భాగించి, లోపల అంతటా క్షేత్రం 2.0 మిల్లీ టెస్లాలని ముద్రించారు. ప్రోబ్ పెట్టడానికి మీరే మూడు రంధ్రాలు ఇచ్చారు. కేంద్రం నుంచి 6, 7.5, 9 సెంటీమీటర్ల దూరంలో మా విద్యార్థులకు వరుసగా 3.3, 2.7, 2.2 వచ్చాయి. ఒక్కటీ మీ విలువతో కలవలేదు. ప్రోబ్ పాడైందేమోనని రెండు గంటలు టెన్షన్ పడ్డారు. ఒక బ్యాచ్ అయితే సరైన రీడింగులు కొట్టేసి, మూడు చోట్లా 2.0 అని రాసుకొచ్చింది. నాకు బాధ కలిగించింది ఇదే.

ఆంపియర్ వలయ నియమాన్ని ఒక్కసారి అన్వయించి చూడండి. టొరాయిడ్ లోపల r వ్యాసార్థంతో, అదే కేంద్రంతో ఒక వృత్తం ఊహించుకుందాం. సౌష్ఠవం వల్ల ఆ వృత్తం మీద ప్రతి బిందువు దగ్గరా క్షేత్రం ఒకే పరిమాణంలో, స్పర్శరేఖ దిశలో ఉంటుంది. కాబట్టి నియమంలో ఎడమవైపు B × 2πr అవుతుంది. ఆ వృత్తం చుట్టిన తలం గుండా లోపలి అంచు తీగలన్నీ వెళతాయి, అంటే NI కరెంటు. r ఎంత తీసుకున్నా, 5కూ 10కీ మధ్య ఉన్నంతవరకూ ఆ NI మారదు. మారేది వృత్తం పొడవు మాత్రమే. అందుకే

B = μ₀NI / 2πr

దీని ప్రకారం 5 సెంటీమీటర్ల దగ్గర 4.0, మధ్యలో 2.67, 10 దగ్గర 2.0 మిల్లీ టెస్లాలు రావాలి. మీరు చెప్పిన 2.0 బయటి అంచు దగ్గరే నిజం. మా రీడింగులను వాటి r తో గుణిస్తే మూడుసార్లూ 20కి దగ్గరగా వస్తోంది. పరికరం బాగుందని చెప్పడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు.

సోలినాయిడ్‌లో ఈ తేడా ఎందుకు రాదో కూడా మాన్యువల్ చెప్పి ఉండాల్సింది. అక్కడ గీసేది దీర్ఘచతురస్రం. దాని ఒక భుజం లోపల అక్షానికి సమాంతరంగా, ఎదుటి భుజం క్షేత్రం దాదాపు లేని బయట ఉంటుంది. భుజం పొడవు l అయితే లోపల చిక్కే చుట్లు nl, కాబట్టి రెండు వైపులా l కొట్టుకుపోతుంది. లోపలి భుజాన్ని అక్షం దగ్గరికి జరిపినా, గోడ దగ్గరికి జరిపినా దాని పొడవూ మారదు, చిక్కే చుట్లూ మారవు. టొరాయిడ్‌లో మాత్రం దారి జరిగితే దాని పొడవు కూడా మారిపోతుంది. ‘వంచిన సోలినాయిడ్’ పోలిక దెబ్బతినేది ఇక్కడే. వలయం మందం సగటు వ్యాసార్థంతో పోలిస్తే బాగా తక్కువైతే ఆ పోలిక పనికొస్తుంది. సగటు వ్యాసార్థం 20, మందం 1 సెంటీమీటరు అయితే లోపలి, బయటి అంచుల మధ్య తేడా 5 శాతమే. మీ టొరాయిడ్‌లో లోపలి అంచు దగ్గర క్షేత్రం బయటి అంచు దగ్గర ఉన్నదానికి రెట్టింపు.

కాబట్టి మాన్యువల్‌లోని టొరాయిడ్ పేజీలను సరిచేసి పంపండి. ప్రతి రంధ్రం పక్కన దాని వ్యాసార్థం చెక్కించండి. ఇప్పుడు మేమే స్కేలు పెట్టి కొలుచుకుంటున్నాం. ఈ కిట్ కొన్న మిగతా కళాశాలలకు కూడా సవరణ పత్రం పంపండి, అక్కడి పిల్లలూ సరైన రీడింగులు కొట్టేస్తూ ఉండవచ్చు. వచ్చే బ్యాచ్ ప్రయోగం మరో మూడు వారాల్లో మొదలవుతుంది. సవరించిన పేజీలు ఆలోపు మాకు అందాలి.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకురాలు