అత్తమ్మ మతిమరుపు గురించి మా అమ్మాయికి రాసిన ఉత్తరం

తిరుపతి

చి.సౌ. భారతికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. మేము ఇక్కడ క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను. నిన్న ఫోనులో మీ అత్తమ్మ మతిమరుపు గురించి నువ్వు అడిగినప్పుడు ఆమె పక్క గదిలోనే ఉన్నారని తెలిసి నేను మాట పెంచలేదు. తన గురించి ఇంట్లోవాళ్ళు చాటుగా మాట్లాడుకుంటున్నారన్న అనుమానం ఆ వయసువారిని చాలా నొప్పిస్తుంది. అందుకే చెప్పవలసినది తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు వరుసగా చెప్పినవాటిలో చాలావాటికి నేను కంగారుపడను. కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతకడం, మనవణ్ణి పిలవబోయి కొడుకు పేరు పలకడం, ఎదురింటావిడ పేరు నోట్లోనే ఆడుతూ బయటికి రాకపోవడం, వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చానో గుర్తురాక నిలబడిపోవడం, ఇవన్నీ డెబ్బై దాటినవారిలో సహజంగా కనిపించేవే. ఆ వయసులో మెదడు దాచుకున్న విషయం చెరిగిపోదు గాని, దాన్ని వెతికి బయటికి తీయడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతుంది. కాస్త ఆగితే, లేదా ఎవరైనా మొదటి అక్షరం అందిస్తే, పేరు దానంతట అదే వచ్చేస్తుంది. మీ చిత్తూరులో చాలా ఇళ్ళలో తెలుగూ తమిళమూ కలిసే నడుస్తాయి కదా, ఆమె తెలుగు మాట తోచక తమిళ మాటతో వాక్యం పూర్తిచేస్తే దాన్ని జబ్బు లెక్కలో వేయవద్దు.

నేను ఆగి ఆలోచించినది నువ్వు చివర్లో నవ్వుతూ చెప్పిన రెండు సంగతుల దగ్గర. ఒకటి పాల డబ్బులది, రెండవది పులిహోరది.

పాల డబ్బుల సంగతి ముందు చూద్దాం. ఆమె ఒకటో తేదీన పాలబ్బాయికి డబ్బులిచ్చి, ఎప్పటిలాగే గోడమీది టీటీడీ క్యాలెండరులో సున్నా చుట్టారు. మూడో తేదీన మళ్ళీ అతన్ని పిలిచి ఇవ్వబోయారు. ఇంతవరకు ఎవరికైనా జరగవచ్చు. నాకూ డబ్బు ఇచ్చానో లేదో అన్న సందేహం వస్తూనే ఉంటుంది. అయితే క్యాలెండరు చూడగానే, ఆ రోజు చిల్లర లేక పక్కింట్లో నోటు మార్చుకున్న సంగతితో సహా నాకు గుర్తొస్తుంది. మీ అత్తమ్మకు నువ్వు ఆ సున్నా చూపించావు, పాలబ్బాయి గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టుకున్న సంగతి కూడా చెప్పావు. అయినా ఆమెకు ఏమీ స్ఫురించలేదు. పైగా ఆ సున్నా తాను చుట్టలేదనీ, పాలబ్బాయి, పనిమనిషి కలిసి మోసం చేస్తున్నారనీ అన్నారని చెప్పావు. తేడా అంతా ఇక్కడే ఉంది. మామూలు మరపులో మనిషి ఒక సంఘటనలోని కొంత భాగాన్ని మరిచిపోతాడు, ఆనవాలు అందిస్తే తిరిగి పట్టుకుంటాడు, తాను మరిచిన సంగతి తనకే తెలిసి కాస్త సిగ్గుపడతాడు. మతి క్షీణించి రోజువారీ పనులు సాగని డిమెన్షియా అనే స్థితికి ఎక్కువగా కారణమయ్యే అల్జీమర్స్ జబ్బులో సంఘటన మొత్తమే లేకుండా పోతుంది, ఎన్ని ఆనవాళ్ళు ఇచ్చినా తిరిగి రాదు. ఎందుకంటే ఆ జబ్బు తొలినాళ్ళలోనే, కొత్త విషయాలను మెదడులో నిలవచేసే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని దెబ్బతీస్తుంది. దాచనిదాన్ని ఎంత వెతికినా తీయలేము కదా. అలా ఏర్పడిన ఖాళీని మనసు ఏదో ఒక వివరణతో పూడ్చుకుంటుంది, చాలా ఇళ్ళలో ఆ వివరణ దొంగతనం రూపంలోనే వస్తుంది. పనిమనిషిమీద పడిన ఆ నిందను అత్తాకోడళ్ళ తగవులాగానో, వయసు మీదపడిన చాదస్తంలాగానో తీసిపారేయవద్దు.

అల్లుడుగారు ఒక మాట అన్నారని చెప్పావు: "అమ్మకు తన పెళ్ళినాటి వంటల పేర్లు కూడా గుర్తున్నాయి, ఆమె జ్ఞాపకానికేమీ లోటు లేదు" అని. నేను ఆసుపత్రిలో పనిచేసిన కాలంలో ప్రతి కుటుంబమూ నాకు చెప్పిన మాట ఇదే, వైద్యుని దగ్గరికి రావడం ఆలస్యమయ్యేది కూడా ఎక్కువగా ఈ మాటవల్లనే. నలభై యాభై ఏళ్ళనాటి సంగతులు మెదడులో ఎప్పుడో స్థిరపడిపోయాయి గనుక జబ్బు బాగా ముదిరేదాకా అవి నిలిచే ఉంటాయి. అడగవలసినది పోయిన వారం సంగతి. తిరుచానూరు పంచమీ తీర్థానికి అందరూ కలిసి వెళ్ళివచ్చారు కదా. అక్కడ కలిసిన బంధువు పేరు ఆమెకు తోచకపోతే పరవాలేదు. కోనేటి దగ్గర జనం, తడిచీర, తిరుగు బస్సు ఇవన్నీ చెప్పినా అసలు వెళ్ళినట్టే ఆమెకు తెలియకపోతే అది వేరే సంగతి. అయితే నలుగురిలో ఆమెను కూర్చోబెట్టి పరీక్షలాగా అడగవద్దు. మాటల సందర్భంలో వచ్చినప్పుడు గమనిస్తే చాలు.

ఇక పులిహోర. ఒకరోజు ఉప్పు వేయడం మరిచిపోతే అది పరధ్యానం. నువ్వు చెప్పినది అలాంటిది కాదు. నానబెట్టిన చింతపండు చేతిలో పట్టుకుని, పొయ్యిమీద పోపు మాడుతూ ఉండగా, "దీన్ని ఇప్పుడేం చేయాలి?" అని ఆమె నిన్ను అడిగారు. నలభై ఏళ్ళుగా ప్రతి పండుగకూ చేసిన వంటలో ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమమే జారిపోయింది. డిమెన్షియా అని వైద్యులు పేరుపెట్టేది కేవలం మరపుకు కాదు. మరపుతో పాటుగానో, మాట, దారి, లెక్క, ఆలోచన తడబడటంతో పాటుగానో, ఇంతకాలం సొంతంగా చేసుకున్న పనులు చేసుకోలేని స్థితి వచ్చినప్పుడే ఆ మాట వాడతారు. ముందుగా దెబ్బతినేవి పలు అంచెలున్న పనులు: డబ్బు లెక్క, మాత్రలు వేళకు వేసుకోవడం, పెద్ద వంట, ఒంటరిగా ఊళ్ళో తిరగడం. స్నానం, బట్టలు, భోజనం వంటివి చాలాకాలం చక్కగానే సాగుతాయి గనుక పైపైన చూసినవారికి మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. జ్ఞాపకం వయసుకు మించి తగ్గినా పనులన్నీ సొంతంగా చక్కబెట్టుకునేవారు కూడా ఉంటారు. వారిలో కొందరికి అది డిమెన్షియాగా ముదురుతుంది, కొందరు ఏళ్ళతరబడి అలాగే ఉంటారు, కొందరు మెరుగవుతారు కూడా. అందుకే ఒకసారి చూసి తేల్చకుండా, ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ చూస్తారు.

ఇంతమాత్రాన ఆమెకు డిమెన్షియా అని నేను అనడం లేదు, నువ్వూ అనుకోవద్దు. అలాగే కనిపిస్తూ, వైద్యంతో చక్కబడే కారణాలు కొన్ని ఉన్నాయి, మీ అత్తమ్మ విషయంలో వాటికి ఆస్కారం కూడా ఉంది. ఆమె ఎన్నో ఏళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు, పైగా శాకాహారి. దీర్ఘకాలం వాడిన మెట్‌ఫార్మిన్ శరీరంలో బీ12 విటమిన్‌ను తగ్గిస్తుంది, ఆ లోటువల్ల మరపు, కాళ్ళ తిమ్మిర్లు రావచ్చు. థైరాయిడ్ మందగించినా మనిషి మందకొడిగా మారి మరిచిపోతూ ఉంటారు. మీ మామగారు పోయినప్పటినుంచి నిద్రకోసం మందుల షాపులో కొనుక్కుంటున్న అల్‌ప్రజోలామ్ మాత్ర కూడా జ్ఞాపకాన్ని మసకబారుస్తుంది. అలాగని దాన్ని ఒక్కసారిగా మాన్పించకు. అలవాటైన మాత్రను హఠాత్తుగా ఆపితే వేరే ప్రమాదం ఉంది, వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించాలి. దిగులు జబ్బులో కూడా ఇలాంటి మరపు ఉంటుంది. ఆ జబ్బున్నవారు చాలాసార్లు ఏది అడిగినా ప్రయత్నించకుండా "నాకు తెలీదు" అనేస్తారు, డిమెన్షియా ఉన్నవారు తప్పయినా ఏదో ఒక జవాబు చెబుతారు. ఈ తేడా ప్రతిసారీ నిలవదు గాని పనికొస్తుంది. చెవి సంగతి కూడా చూడండి, సరిగా వినపడని మాట గుర్తుండే ప్రశ్నే లేదు.

మార్పు ఎంత వేగంగా వచ్చిందన్నది అన్నిటికంటే ముఖ్యం. అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది, ఎప్పుడు మొదలైందో ఎవరూ తేదీ చెప్పలేరు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో పొంతనలేకుండా మాట్లాడుతూ, పగలంతా మగతగా ఉండి రాత్రి కలవరిస్తూ ఉంటే అది మరపు జబ్బు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం వంటిది ఏదో జరిగి ఉంటుంది, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. షుగరు మిషను ఇంట్లో ఉంది కనుక ముందు అది చూడండి. బాత్‌రూములో జారి తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత మందకొడితనం, తలనొప్పి, నడకలో తూలు మొదలైతే, పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరిందేమోనని స్కాన్ తీస్తారు. పెద్దవారిలో చిన్న దెబ్బకే ఇలా జరగవచ్చు.

నువ్వు చేయవలసినది ఇది. ఒక నోటు పుస్తకంలో జరిగిన సంగతి, తేదీ, అదే పని రెండేళ్ళ క్రితం ఆమె ఎలా చేసేవారు అన్నది రాసిపెట్టు. "మరిచిపోతున్నారు" అన్న మాటవల్ల వైద్యునికి ఏమీ తెలియదు. పోపు మాడిన సంగతి, పాలబ్బాయి సంగతి రాస్తే చాలా తెలుస్తుంది. మీ ఆడపడుచును కూడా విడిగా అడుగు, రోజూ చూసేవారికి కనపడనిది ఆరు నెలలకొకసారి వచ్చేవారికి కనిపిస్తుంది. వైద్యుని గదిలో మనిషి ఎంతో మర్యాదగా, చురుగ్గా మాట్లాడి అంతా బాగుందని చెబుతుంది, ఇంట్లోవాళ్ళ మాట లేకుండా ఈ జబ్బును గుర్తించడం కష్టం. అక్కడ చేసే జ్ఞాపక పరీక్షలో వచ్చిన మార్కులను కూడా చదువును బట్టి అర్థం చేసుకోవాలి. మీ అత్తమ్మ ఐదో తరగతితో ఆగిపోయారు గనుక ఆ సంగతి ముందే చెప్పండి. వందలోంచి ఏడు తీసివేస్తూ పొమ్మంటే తడబడటానికి ఆమెకు జబ్బే ఉండనక్కరలేదు.

మొదట హిమోగ్లోబిన్, షుగరు, సోడియం, కిడ్నీ, కాలేయం, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించి, ఆ కాగితాలతో నరాల వైద్యునికి చూపిద్దాం. మీకు వేలూరు ఆసుపత్రి దగ్గర, కాని ఇక్కడ స్విమ్స్‌కు తీసుకొస్తే రెండు రోజులు మన ఇంట్లోనే ఉండవచ్చు, మీ అమ్మ కూడా ఆమెకు తోడుగా ఉంటుంది. మరపు పరీక్ష అని చెప్పకుండా, షుగరుకు ఏటా చేయించే పరీక్షలని చెప్పండి, అందులో అబద్ధమూ లేదు. ఒకవేళ అల్జీమర్సే అని తేలితే డొనెపెజిల్ వంటి మందులు కొందరికి కొంతకాలం ఆసరా ఇస్తాయి, జబ్బును మాత్రం ఆపలేవు. అయినా తొందరగా తెలిస్తే ఇంటి పత్రాలు, బ్యాంకు సంగతులు ఎలా ఉండాలో ఆమె తన నోటితో తానే చెప్పగలిగే సమయం మిగులుతుంది.

అంతవరకు ఆమె మాత్రలన్నీ పూటలవారీగా గళ్ళున్న డబ్బాలో నువ్వే సర్దిపెట్టు, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు గ్యాసు సిలిండరు కట్టెయ్యి. పాల డబ్బులు అల్లుడుగారు ఇచ్చేలా చూడు. వచ్చేటప్పుడు ఆమె వేసుకునే మాత్రలన్నీ, నిద్రమాత్రతో సహా, అట్టలతోనే సంచిలో వేసుకుని రండి.

ఆశీస్సులతో,
నాన్న