ఈనిన గంటలోపు బొడ్డు సంగతి

సుధాకర్,

ఉత్తరం అందింది. రెండో గేదె ఈనడానికి దగ్గరపడిందన్నావు, సంతోషం. కానీ పది రోజుల దూడకు మోకాలు వాచిందని, తల్లి తొక్కి ఉంటుందని తేలిగ్గా రాశావే, అక్కడ ఆగిపోయాను. వెనక కాలి కీలు కూడా వాచి వేడిగా ఉంది, పాలు సరిగ్గా తాగడం లేదు అంటున్నావు. అది దెబ్బలా లేదురా, కీళ్ల వాపులా ఉంది. దానికి మూలం చాలాసార్లు బొడ్డులోనే ఉంటుంది.

బొడ్డు తెగగానే అందులోని ధమనులు పొట్టలోకి ముడుచుకుపోతాయి. కాలేయానికి పోయే సిర మాత్రం మూసుకోవడానికి సమయం పడుతుంది. తడి బొడ్డు పేడలో ఆనితే, వత్తి నూనె పీల్చినట్టు అది సూక్ష్మజీవులను లోపలికి లాగుతుంది. అవి రక్తంలో కలిసి కీళ్లలో చేరతాయి. పైన ఎండినట్టు కనిపించినా లోపల చీము ఉండవచ్చు. వేళ్లతో తడిమి చూడు. వారం దాటిన బొడ్డు పెన్సిలంత సన్నగా, పొడిగా ఉండాలి. బొటనవేలికన్నా లావుగా, వేడిగా ఉండి, నొక్కితే దూడ వీపు వంచి తన్నిందంటే బొడ్డు వాపే. మెత్తగా, నొప్పి లేకుండా, నొక్కితే లోపలికి పోయే ఉబ్బు హెర్నియా కావచ్చు. దాన్ని చీము గడ్డ అనుకుని ఎవరినీ కోయనివ్వకు!

ఇవాళే పశువైద్యుడిని పిలువు. కీలులోని మృదులాస్థిని చీము ఒకసారి తినేసిందంటే కుంటు మిగిలిపోతుంది. రెండు సూదులకు దూడ లేచిందని మందు ఆపేయకు, ఆయన చెప్పినన్ని రోజులూ వేయించు.

ఇక రాబోయే దూడకు. ఈనే చోట పాత పేడ ఎత్తేసి పొడి గడ్డి పరుచు. చేతులు సబ్బుతో కడుక్కో. బొడ్డు దానంతట అదే తెగుతుంది, లాగకు. ఏడు శాతం టింక్చర్ అయోడిన్ దొరికితే తెచ్చిపెట్టుకో. పొవిడోన్ అయోడిన్ కూడా పనిచేస్తుంది కానీ బొడ్డును అంత త్వరగా ఎండబెట్టదు. చిన్న గ్లాసులో పోసి, పొట్ట చర్మానికి ఆనేలా బొడ్డంతా ముంచి అర నిమిషం ఉంచు. దూదితో పైపైన అద్దితే కొన దాకా తడవదు. పుట్టిన అరగంటలో ఒకసారి, పన్నెండు గంటలకు మళ్లీ, ఆ తర్వాత ఎండేదాకా రోజూ ముంచు. మిగిలిన మందు సీసాలో తిరిగి పోయకు. మీ మామగారి గొర్రెల మందలో పిల్లలన్నిటికీ ఒకే గ్లాసు తిప్పుతారు కదా, అది రోగాన్ని పంచడమే. బూడిద, పేడ పూయడం గురించి ఆయనతో గొడవ పెట్టుకోకు, ముందు నువ్వు అయోడిన్ ముంచేయి.

మాయ పడేదాకా ముర్రుపాలు ఇవ్వకూడదనే మాట మాత్రం వినకు. తల్లి గర్భంలో దూడకు రోగనిరోధక శక్తి అందదు, ముర్రుపాలతోనే రావాలి. ఒక రోజు దాటితే పేగు వాటిలోని ఆ శక్తిని పీల్చుకోదు. ముప్పై కిలోల దూడకు రోజంతా కలిపి మూడు లీటర్లు కావాలి, అందులో సగం మొదటి రెండు గంటల్లోనే పడాలి. ఇది తప్పితే అయోడిన్ ఎంత ముంచినా సగం పనే.

పెద్ద దూడకు జ్వరం చూసి ఫోను చెయ్యి. 103 దాటిందంటే డాక్టరు గారి కోసం సాయంత్రం దాకా ఆగకు, ఆటోలో తీసుకెళ్లు.

నీ
మురళి